ఫోన్ చేస్తే తిరిగే మోటారు

ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు గురించి మా సీనియర్లు ఒక కిటుకు చెప్పేవారు. చేతకాక వదిలేసినవన్నీ రిపోర్టులో 'ఫ్యూచర్ స్కోప్', అంటే ముందుముందు చేయాల్సినవి, అనే ఆఖరి అధ్యాయంలో పడేయాలి, ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే నవ్వుతూ దాన్ని చూపించాలి. నేనూ అలాగే పడేశాను.

నా ప్రాజెక్టు, ఫోన్ చేసి బోరు మోటారు వేసే పరికరం. పెద్దమందడి దగ్గర మా చేనికి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు నాయిన పరుగెత్తడం చూసి పుట్టిన ఆలోచన. దాని మీద నాకంటే ఆయనకే ఆశ ఎక్కువ. నా బిడ్డ చేసింది బిగిస్తానని ఊరంతా చెప్పుకున్నాడు.

వనపర్తిలో మా కాలేజీకి ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వచ్చారు. గదిలో ఒక పెద్దాయన, ఒక మేడమ్. ప్రాజెక్టు హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్నావా అని ఆయన మొదటే అడిగాడు. ఒళ్లు మండింది. కాగితం తీసుకుని బొమ్మ గీశాను. చేన్లో పాత ఫోన్ ఒకటి ఉంటుంది, ఇయర్‌ఫోన్ తగిలిస్తే కాల్‌ను తనే ఎత్తుతుంది. మనం నొక్కిన అంకెల శబ్దాన్ని ఒక చిప్ గుర్తుపడుతుంది. పాస్‌వర్డ్ సరిపోతే మైక్రోకంట్రోలర్ రిలే అనే చిన్న స్విచ్‌తో స్టార్టర్‌ను ఆన్ చేయిస్తుంది. పాత ఫోన్ బదులు జీఎస్ఎం మోడెమ్ ఎందుకు వాడలేదని మేడమ్ అడిగితే, ఊళ్లో దొరికేది, చెడిపోతే ఊళ్లోనే మార్చుకోగలిగేది కావాలన్నాను. ఆమె తలూపింది.

మోటారుకు వచ్చే మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోయినప్పుడు ఫోన్ చేస్తే ఏమవుతుందన్నాడు పెద్దాయన. మోటారు తిరగకుండా మూలుగుతుంది, వైండింగ్ కాలిపోతుంది. నా పరికరానికి ఆ సంగతి తెలియదు, దాన్ని ఫ్యూచర్ స్కోప్‌లో పడేశాను. ఆయనే ఒక దారి చూపించాడు. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది కదా, కరెంటు ఎక్కువ లాగితే అది మోటారును ఆపేయదా అన్నాడు.

అవునంటే గండం గడిచేది, ఉద్యోగమూ వచ్చేదేమో. కానీ లో వోల్టేజీకి అది మాటిమాటికీ మోటారు ఆపేస్తుందని మా దగ్గర మెకానిక్‌తో దాన్ని తప్పించి వైరు కలిపించుకుంటారు. మా స్టార్టర్‌లోనూ అంతే. పక్కన నిలబడ్డ మనిషి మూలుగు విని కట్టేస్తాడు. ఎక్కడో ఉండి ఫోన్ చేసినవాడికి అది వినపడదు.

"మా దిక్కు ఆ రిలే ఎవ్వరూ ఉండనియ్యరు సార్," అన్నాను. భయంలో ఊరి మాటే వచ్చేసింది. "నేను ల్యాబుల బల్బు పెట్టి చూసిన. మోటారు పెట్టి చూడలే."

"అయితే మీ ఇంటి మోటారుకు పెడతావా?"

"పెట్టను సార్."

బయటికొచ్చి ఏడ్చాను. సాయంత్రం ఉద్యోగానికి తీసుకున్నవాళ్ల పేర్లు చదివితే అందులో నాది ఉంది. సంతోషం కంటే, పెట్టనన్న సంగతి నాయినకు ఎలా చెప్పాలన్న గుబులే ఎక్కువైంది.

ఇంటికెళ్లి ఉద్యోగం వచ్చిన సంగతి చెబుతుంటే నాయిన మధ్యలోనే లేచి నన్ను బోరు దగ్గరికి తీసుకెళ్లాడు. స్టార్టర్ పక్కన గోడకు కొత్త చెక్క బిగించి ఉంది.

"నీ డబ్బ ఈడ పెడదాం బిడ్డా. సార్లకు గూడ నచ్చె గద."

ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు అన్న 'పెట్టను' అనే మాట ఆయన ముందు నోరు దాటలేదు. చెక్క బాగుంది నాయినా, అన్నాను.