కామేశ్వరి దిద్దిన మూడో ప్రశ్న

కామేశ్వరి పెందుర్తిలో రెండు గదుల పోర్షనులో ఒక్కతే ఉండేది. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో తండ్రి అమలాపురం పక్క పల్లె నుంచి కుటుంబాన్ని తెచ్చి ఇక్కడ దించాడు. ఆయన పోయాడు, ఆ తర్వాత తల్లీ పోయింది. చుట్టాలంతా గోదావరి అవతలే ఉండిపోయారు. ఆమెకు నలభై మూడేళ్లు. పెళ్లి మాట ఎత్తేవాళ్లు కూడా ఎప్పుడో మానేశారు. ఆదివారాలు కూరగాయల బేరానికి తప్ప నోరు విప్పే పని పడేది కాదు.

తొంభైల్లో ఆమె పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టుగా చేసింది. ఇనుప ఖనిజం ఎత్తుకుపోవడానికి జపాన్ ఓడలు వచ్చేవి. ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే కెప్టెన్ దగ్గర నుంచి టెలెక్సు మీద టెలెక్సు దిగేది. ఓడను రేవులోకి తెచ్చే పైలట్ ఎన్ని గంటలకు ఎక్కుతాడు, వాన పడితే లోడింగ్ ఎంతసేపు ఆపుతారు, ఖనిజం మోసే కన్వేయరు బెల్టు చెడితే ఏం చేస్తారు అని. యజమాని అవి చూసి, "ముందు రానీండి, వచ్చాక సూద్దాం" అని పక్కన పడేసేవాడు. ఆ "సూద్దాం" అన్న మాట ఆ కెప్టెన్ని ఎంత కాల్చుకు తింటుందో, జవాబులు టైపు చేసే కామేశ్వరికి తెలిసేది.

తర్వాత దూరవిద్యలో ఎంబీయే చదువుతూ ఇంటర్నేషనల్ మేనేజ్‌మెంట్ పుస్తకం తెరిస్తే, ఆ కెప్టెనే కనపడ్డాడు. దేశాల సంస్కృతులను పోల్చడానికి ఉద్యోగుల సర్వేలతో తేల్చిన కొలతలు ఉన్నాయి అందులో. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజమని ఒప్పుకుంటారో చెప్పేది పవర్ డిస్టెన్స్. మనిషి తన గురించి ముందు ఆలోచిస్తాడా, తన గుంపు గురించా అన్నది ఇండివిడ్యువలిజం. రేపేమవుతుందో తెలియకపోతే ఒక సమాజం ఎంత కంగారు పడుతుంది, ఆ కంగారు తగ్గించుకోవడానికి ఎన్ని నియమాలూ ప్రణాళికలూ పెట్టుకుంటుంది అన్నది అన్‌సర్టెనిటీ అవాయిడెన్స్. ఏజెంటు ఆఫీసు మూతపడ్డాక మధురవాడలో కొత్తగా వెలిసిన కాలేజీలో ఆమె ఆ పాఠమే చెప్పేది. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేవారు. పాఠం మాత్రం ఆమెకు ఇష్టంగా ఉండేది.

రెండువేల నాలుగు మే నెలలో ఎంబీయే పేపర్లు దిద్దడానికి పిలుపు వచ్చింది. నగరంలో ఒక కాలేజీ హాలు, పాతిక మంది లెక్చరర్లు, తిరుగుతున్నా గాలి తగలని ఫ్యాన్లు. మొదటి రోజు పొద్దున్నే చీఫ్ ఎగ్జామినర్ అర్జునరావు గారు ఏ జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే కీ కాగితం తలా ఒకటి పంచారు. మూడో ప్రశ్న పద్నాలుగు మార్కులది: భారత్, జపాన్ సంస్కృతులను ఆ మూడు కొలతలతో పోల్చి, విశాఖపట్నంలో మేనేజరుగా వచ్చిన జపనీయుడికి ఎదురయ్యే ఇబ్బందులు రాయమని.

కీలో పవర్ డిస్టెన్స్ సరిగానే ఉంది, మనకు ఎక్కువ, జపాన్‌కు అంతకంటే తక్కువ. ఇండివిడ్యువలిజంలో రెండు దేశాలూ దగ్గరదగ్గరగా ఉంటాయన్నదీ సరే. మూడో వరుసలో మాత్రం, అన్‌సర్టెనిటీ అవాయిడెన్స్ భారత్‌లో చాలా ఎక్కువ, ముహూర్తాలూ జాతకాలూ చూసుకుంటారు గనక, అని ఉంది. జపాన్‌లో తక్కువట. అలా రాయనివాళ్లకు ఆ భాగంలో సున్నా వేయమన్నారు.

కామేశ్వరి రెండుసార్లు చదువుకుంది. పక్కన కూర్చున్న సత్యశ్రీకి చూపించింది. ఆ అమ్మాయి లెక్చరరుగా చేరి ఏడాదే అయింది.

"తప్పే మేడం," అంది సత్యశ్రీ గొంతు తగ్గించి. "కానీ అర్జునరావు గారు రాసిందండి. నాను సెప్పలేను."

మధ్యాహ్నానికి ఒక పేపరు చేతికొచ్చింది. పేరు లేదు, కోడు నంబరే. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఇంగ్లీషు తప్పులతడక. కానీ జవాబు సరిగ్గా ఉంది. పోర్టులో సరుకు దించే కూలీ మేస్త్రీ "అయిపోద్ది లెండి" అంటే, గంట గంటకూ ప్లాను రాసుకున్న జపాన్ మేనేజరు ఎలా సతమతమవుతాడో రాశాడు. చివర, ఇవి దేశాల సగటులు, ఒక్కో మనిషిని వీటితో కొలవకూడదు అని కూడా రాశాడు. కీ ప్రకారం ఆ భాగానికి సున్నా.

కామేశ్వరి ఆ పేపరు పట్టుకుని లేచి అర్జునరావు గారి బల్ల దగ్గరికి వెళ్లింది.

"సార్, మూడో ప్రశ్న కీ ఒకసారి చూస్తారా. అన్‌సర్టెనిటీ అవాయిడెన్స్ తిరగబడిందండి."

ఆయన కళ్లజోడు మీదుగా చూశారు. "ఏటమ్మా తిరగబడింది? ముహూర్తం సూడకుండా గడప దాటనోళ్లం. మనకి తక్కువంటే ఎవరు నమ్ముతారు?"

"అవి మన నమ్మకాలండి. ఈ కొలత అడిగేది వేరు. సర్వే పట్టికలో మనకు నలభై, జపాన్‌కు తొంభై రెండు."

"పాతిక మంది ఉన్నారిక్కడ. ఎవరికీ కనపడలేదు, మీకే కనపడిందా?"

హాలంతా పెన్నులు ఆగాయి. కామేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. అందరూ పేపర్లలోకి వంగిపోయారు. సత్యశ్రీ కూడా.

"కీ అలాగే ఉంటాది. అలాగే ఎయ్యండి," అన్నారాయన.

ఆమె తన చోటికి వచ్చి కూర్చుంది. ఆ జవాబుకు పద్నాలుగుకు పన్నెండు వేసింది. కట్ట పైన ఒక కాగితం పెట్టి, మూడో ప్రశ్నకు కీ ఎందుకు పాటించలేదో నాలుగు వాక్యాలు రాసి సంతకం చేసింది.

మర్నాడు టీ వేళ ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అటెండరు నూకాలు గ్లాసు పెడుతూ, "ఏటి మేడం, ఒక్కరే కూకున్నారు?" అన్నాడు. ఆమె నవ్వి గ్లాసు అందుకుంది. నాలుగో రోజు సాయంత్రం, ఆమె దిద్దిన కట్టలు వేరేవాళ్లతో దిద్దిస్తున్నామనీ, రేపటి నుంచి రానక్కర్లేదనీ చెప్పారు. చెప్పిన గుమాస్తా కూడా ఆమె ముఖంలోకి చూడలేదు.

ఆ వారమంతా ఇంట్లోనే ఉంది. ఒకరోజు అన్నం వండుకుని తినకుండానే కంచం ముందు కూర్చుండిపోయింది. తను తప్పేమో అన్న అనుమానం పుడితే లేచి పుస్తకం తెరిచి ఆ పట్టిక చూసుకునేది. నలభై, తొంభై రెండు. అంకెలు అక్కడే ఉండేవి.

జూన్‌లో సత్యశ్రీ ఫోన్ చేసింది.

"మేడం, మీకు సెప్పాలనుకుంటూనే ఉన్నాను. మీరెళ్లిపోయిన మూడో రోజు సార్ కొత్త కీ పంచారండి. మూడో ప్రశ్న మార్చేశారు. దిద్దినవన్నీ మళ్లీ దిద్దించారు."

"ఎందుకు మార్చారో చెప్పారా?"

"టైపు తప్పన్నారు." అంది సత్యశ్రీ. "మీ పేరు ఎవరూ ఎత్తలేదు మేడం. నాను కూడా."

"పోనీలే అమ్మా," అంది కామేశ్వరి. ఇంకేదో అడుగుతుందేమోనని అవతల ఆ పిల్ల ఎదురుచూసింది. కామేశ్వరి ఫోన్ పెట్టేసింది. ఆ వంకర అక్షరాల పేపరు ఎవరిదో తనకు ఎప్పటికీ తెలియదు కదా అనుకుంది.

కాలేజీ ఆమె ఉద్యోగాన్ని మరో ఏడాది పొడిగించింది. మరుసటి ఏడు మాత్రం పేపర్లు దిద్దడానికి పిలుపు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు.

ఒక సాయంత్రం మధురవాడ నుంచి వస్తుంటే సింహాచలం దగ్గర ఒక ముసలామె బస్సెక్కి పక్కన కూర్చుంది. పేరు గంగాలమ్మ అని చెప్పింది. "ఒక్కరే యెల్తన్నారా అమ్మా?" అని అడిగింది. కామేశ్వరి ఏ కళనుందో, పేపర్లు, కీ కాగితం, టీ బల్ల, అంతా చెప్పేసింది. గంగాలమ్మకు సగం అర్థం కాలేదు, అయినా చివరిదాకా విన్నది.

"నువ్వు ఏసింది సరైందేనా?"

"సరైందే."

"ఆ పిల్లలు పాసయ్యారా?"

"అయ్యే ఉంటారు."

"మరి ఒక్కరూ నీకాడికి రానేదా?"

"రాలేదు."

గంగాలమ్మ ఆమె మోచేతి మీద చెయ్యి వేసి, గోపాలపట్నం వచ్చేదాకా అలాగే ఉంచి, అక్కడ దిగిపోయింది. పెందుర్తి దాకా పక్క సీటు ఖాళీగానే ఉంది.