చుక్కల ఆడకోకిల

ఎండలు ముదిరితే చాలు, మా ఆయన ఫోనుకు ఒకే రకం ఫొటోలు వచ్చిపడేవి. గోధుమరంగు ఒళ్లు, వీపు నిండా తెల్లచుక్కలు, పొట్ట మీద అడ్డచారలు, ఎర్రటి కళ్లు. "సార్, ఇది డేగపిల్లా?" అని ఒకరు. "ఏదో పైదేశపు పిట్ట మా బాల్కనీలో వాలింది" అని ఇంకొకరు. ఆయన అందరికీ ఓపిగ్గా ఒకటే జవాబు పంపేవారు: ఆడకోకిల. కోకిల నల్లగా కదా ఉంటుంది అని వాళ్లు మళ్లీ అడిగేవారు.

తప్పు వాళ్లది కాదు, మన మాటది. కోకిలమ్మ అంటాం. గొంతు బాగుంటే ఆడపిల్లను కోకిల అంటాం. తీరా చూస్తే కూ... కూ... అని కూసేది నల్లగా నిగనిగలాడే మగపిట్ట. ఆడదానికి ఆ పాటే రాదు, కిక్ కిక్ కిక్ అని గొంతు చించుకుంటుంది. ఈ సంగతి ఆయన నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పారు. "పేరు మాది, పాట మీదా?" అన్నాను. మాది కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఆయనవాళ్లు తరతరాలుగా నాంపల్లివాళ్లు. మా ఇంట్లో రెండు తెలుగులు, ఒక కెమెరా.

ఆయన గుమస్తా ఉద్యోగం చేసినన్నాళ్లూ పొద్దున్నే పబ్లిక్ గార్డెన్‌కు వెళ్లి, పిట్టల్ని చూసి, అటునుంచి అటే ఆఫీసుకు పోయేవారు. ఒకసారి నన్నూ లాక్కెళ్లి వేపచెట్టు మీద కాకిగూడు చూపించారు. మగకోకిల ఆ పక్కనే బోసికొమ్మ మీద కూర్చుని ఒకటే కూత. కాకులు రెండూ ఒళ్లు మండి దాన్ని తరుముకుంటూ పోయాయి.

"జర ఆగు, ఇప్పుడు సూడు" అన్నారు.

నాకు ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. ఆకుల్లోంచి ఏదో కదిలి గూట్లోకి దూరింది, అంతలోనే బయటపడింది. అదే ఆడది.

"మగోడు నల్లగ మెరుస్తడు, లొల్లి జేస్తడు, కాకులను ఎంటేసుకొని పోతడు. గామె చుక్కలతోని ఆకుల నీడల కల్సిపోతది. ఎవ్వల కంట పడకుంట గుడ్డు పెట్టి పోవాలె గదా."

"జెముడుకాకి కూడా కోకిల చుట్టమే అంటారు. మరి అందులో ఆడామగా ఒక్కలాగే ఉంటాయేమండీ?"

"అది తన గూడు తనే కట్టుకుంటది, తన పిల్లలను తనే సాదుకుంటది. దానికేం దొంగతనం?"

"చాతకం మరి? అదీ పరాయి గూట్లోనే పెడుతుందన్నారుగా. అందులోనూ ఇద్దరూ ఒకటేగా?"

ఆయన కాసేపు తల గోక్కుని, "గదే సమజ్ అయితలేదు" అని నవ్వేశారు. తెలియనిది తెలియదనేవారు. ఆ గుణం చూసే ఇన్నేళ్లు ఆ కెమెరా బరువు నేనూ మోశాను.

రిటైరయ్యాక ఆయన చూపు మందగించింది. కంటి వెనక పొర ఎండిపోతోంది, చుట్టూ కనిపిస్తుంది కానీ చూడబోయిన చోటే కనిపించదు అన్నాడు డాక్టరు. నా ముఖం చూడాలంటే నా చెవి పక్కకు చూడాలి ఆయన. ఆకాశం ముందు కూర్చున్న నల్ల కోకిలను ఓరచూపుతో పట్టుకోగలిగేవారు. చుక్కలు మాత్రం పూర్తిగా పోయాయి. ఉప్మాలో ఆవాలు కూడా కనబడటం లేదన్నారొక రోజు. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే, పిట్టలు చూసే మిత్రులు కొందరు బడిపిల్లల కోసం ఒక పోస్టరు వేద్దామన్నారు. కోకిల, చాతకం, జెముడుకాకి, అన్ని ఫొటోలూ ఆయనవే. ఆడకోకిల ఒక్కటే లేదు. పాతవాటిలో ఏది చూసినా కొమ్మ అడ్డమో, తోక మాత్రమేనో. వేరేవాళ్ల ఫొటో వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "నా కండ్లు పూర్తిగ పోకముందే గామెను నేనే తీస్త" అన్నారు. ఇక ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఆ ఎండాకాలమంతా తిరిగాం. ఆయన చేయి నా భుజం మీద, కెమెరా నా మెడలో. ఆయన విషయం తెలిసినవాళ్లందరూ అప్పటికే ఆయన ఏం తీసినా "అద్భుతం సార్" అనడం మొదలుపెట్టారు. మసకగా వచ్చిన పావురానికీ అద్భుతమే. జాలి అంత చేటు ఇంకోటి లేదని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకు ఆ పొగడ్తలు ఒళ్లంతా కారం రాసినట్టుండేవి.

ఒక పొద్దున రావిచెట్టు కింద నిలబడ్డాం. కాయలు పండాయి. పైనుంచి కిక్ కిక్ కిక్ అని వినబడింది. ఆయన నా మెడలోంచి కెమెరా గుంజుకుని, ఆ చప్పుడు వైపు గురిపెట్టి టకటకా నొక్కేశారు. నాకేమీ కనబడలేదు.

అబిడ్స్‌లో ఆయన ఎప్పుడూ ప్రింట్లు వేయించే స్టూడియోకు వెళ్లాం. స్టూడియో యజమాని ఫొటోలు కంప్యూటరులో ఒక్కొక్కటే తిప్పుతూ పోయాడు. ఆకులు, ఆకులు, ఆకులు. ఒకచోట ఆగి పెద్దది చేశాడు.

"సార్! ఉంది సార్! గీడ సూడున్రి, కన్ను గూడ ఎర్రగ కొడుతుంది!"

ఉంది. ప్రతి చుక్కా విడివిడిగా, నోట్లో రావిపండుతో ఉంది. ఆయన జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు.

ఆయన తెరకు ముక్కు ఆనించారు. తల అటు వంచారు, ఇటు వంచారు.

"ఏడ?"

నేను ఆయన వేలు పట్టుకుని పిట్ట చుట్టూ తిప్పాను. ఇది తోక, ఇది వీపు, ఇది ముక్కు అన్నాను.

"ఎండుటాకులే అవి" అన్నారు. తర్వాత మెల్లగా, "నువ్వు గూడనా?" అన్నారు.

ఒట్టు వేశాను. ఏడ్చాను. స్టూడియో యజమాని గోడంత ప్రింటు తీసి చూపించాడు. ఎంత పెద్దది చేస్తే చుక్కలు అంతగా ఆకుల్లో కలిసిపోయాయి ఆయనకు. కాకులను ఏమార్చే విద్య అది, సగం పోయిన కళ్లను ఏమార్చడం దానికొక లెక్కా? నలభై ఏళ్లు కాపురం చేసిన నా మాట కూడా ఆయనకు ఆనలేదు. తను తీసినవి ఎండుటాకులేనని, జాలిపడి పోస్టరుకు ఎవరి ఫొటోనో తెచ్చి తన పేరు తగిలిస్తున్నామని అనుకున్నారు.

"నేను సూడని పిట్టకు నా పేరేంది? తీసెయ్యిన్రి" అని మిత్రులకు ఫోన్ చేసి చెప్పారు. ఎంత చెప్పినా వినలేదు. నాంపల్లి ప్రెస్సులో పోస్టరు అచ్చయింది. నల్లకోకిల కింద ఆయన పేరుంది, చాతకం కింద ఉంది, జెముడుకాకి కింద ఉంది. ఆయన తీసిన ఆ ఆడకోకిల కింద మాత్రం ఎవరి పేరూ లేదు. ఆ తర్వాత ఆయన కెమెరా ముట్టలేదు.

ఇప్పుడూ పొద్దున్నే గార్డెన్‌కు వెళతాం, నడక కోసం. మొన్న రావిచెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే నెత్తిమీదే కిక్ కిక్ కిక్. తలెత్తాను. చేతికందేంత దగ్గరలో, ఎండ మీద పడి, చుక్కలన్నీ మెరుస్తూ, ఎర్రటి కన్నుతో నన్నే చూస్తోంది.

"కనబడ్తుందా నీకు?" అని అడిగారాయన.

"లేదండీ" అన్నాను.

ఆయన నా చేయి నొక్కి, ఎన్నాళ్లకో హాయిగా ఊపిరి వదిలారు. "నాకెరుకే. గామె ఎవ్వలకు కనబడది" అన్నారు. నేను ఏది చెప్పినా నమ్మని మనిషి ఆ ఒక్క మాట మాత్రం నమ్మారు.