డబ్బా మీద నంబరు, డబ్బాలో పొడి

తప్పు చేయనివాళ్ళకు పరీక్షంటే భయమెందుకని లోకం అడుగుతూ ఉంటుంది. అలా అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఎన్నడూ ఏ పరీక్షకూ నిలబడినవాళ్ళు కారు. నీతిశాస్త్రం మనిషిని అతని ఉద్దేశాన్ని బట్టి తూస్తుంది. డోపింగ్ పరీక్ష ముందుగా చూసేది మూత్రపు సీసాలో ఏముందనే. అది అక్కడికి ఎలా చేరిందన్నది ఆ తర్వాతి మాట. దాన్ని నిరూపించుకోవలసిన భారమూ క్రీడాకారులదే.

బరువులెత్తే ఆ మనిషిని వ్యాయామశాలలో అందరూ తనిఖీ అక్క అని పిలిచేవారు. జలుబు మాత్ర మింగాలన్నా నిషేధిత మందుల పట్టికలో వెతికేది. ప్రోటీన్ పొడి కొంటే డబ్బా అడుగున అచ్చువేసిన బ్యాచి నంబరును, స్వతంత్ర ప్రయోగశాల పరీక్షించిన బ్యాచిల జాబితాలో చూసుకుని, రెండూ కలిశాకే సీలు విప్పేది. “ఏంటక్కా, దానికేమైనా ఉద్యోగమిస్తున్నావా, ఇంత విచారణ చేస్తున్నావు?” అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఆమె నవ్వేది కాదు. ఒకే కర్మాగారంలో, ఒకే యంత్రం మీద, పొద్దున ఒళ్ళు తగ్గించే మందుపొడి, మధ్యాహ్నం ప్రోటీన్ పొడి తయారవుతాయని ఆమెకు తెలుసు. యంత్రానికి అంటుకున్న చిటికెడు ఉత్ప్రేరకం చాలు, ఒక జీవితం తలకిందులు కావడానికి. పరీక్షించిన బ్యాచి కూడా పూర్తి అభయం కాదు; ప్రమాదం తగ్గుతుంది, అంతే.

జట్టు ఎంపిక పోటీ వారంలో ఉంది. మళ్ళీ అటువంటి అవకాశం రెండేళ్ళ తర్వాతే, అప్పటికి ఆమె మోకాళ్ళు ఏమంటాయో ఎవరికీ తెలియదు. రోజూ సాధన ముగిశాక పొడి కలిపి చేతికి అందించేది మేనమామ. వ్యాయామశాల సామానంతా ఆయన చేతిమీదే ఉండేది. ఆ రోజు ఆయన ఇనుప కడ్డీలకు పట్టిన సుద్ద దులుపుతూ ఉండడంతో ఆమే కలుపుకుంది. నురగ ఎక్కువగా వచ్చింది. కొన్నాళ్ళుగా అనిపిస్తున్న తీపే మళ్ళీ గొంతులో అంటుకుపోయింది. అయిపోవచ్చి ఉండవలసిన డబ్బా ముప్పావువంతు నిండుగా ఉంది.

“మామయ్యా, ఇందులో ఏం పోశావు?”

“నీ పొడేనే తల్లీ. నువ్వు తెప్పించే డబ్బా సరుకు రాలేదన్నాడు షాపువాడు. అదే కంపెనీది సంచిలో ఉంటే నాలుగైదు రోజుల కిందట తెచ్చి నింపాను. పోటీ ముందు నీకు తక్కువ పడకూడదు కదా.”

ఆమె సామాన్ల గదిలోకి వెళ్ళి సంచి తిరగేసి చూసింది. పరీక్షించినట్టు ముద్ర లేదు. దాని నంబరు జాబితాలో ఎక్కడా దొరకలేదు. అంటే ఇన్నాళ్ళుగా తాను తాగుతున్నది ఇదే. ఆయన ఇంకా అదే కంపెనీ, అదే రుచి, అంటూనే ఉన్నాడు.

“నీ మంచికేగా చేశాను,” అన్నాడు చివరికి.

“నా మంచి నన్నడగకుండా చేశావు. రేపు పేపర్లో నీ పేరు రాస్తారా, నాది రాస్తారా?”

ఆయన చేతిలోని బ్రష్షు పక్కన పెట్టాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మామూలుగా అయితే ఆ ముఖం చూసి ఆమె కరిగేది. ఆ రోజు కరగలేదు.

క్రీడా సమాఖ్య వైద్యురాలికి ఫోను చేసింది. వెంటనే మానేయమని, సంచినీ డబ్బానీ కట్టి దాచమని ఆవిడ చెప్పింది. పొడిని ప్రయోగశాలకు పంపవచ్చు గానీ ఫలితం పోటీలోపు రాదట. కల్తీ అన్నది సంచి అంతటా సమానంగా కలిసి ఉండదు కాబట్టి, ఒక గుప్పెడు శుభ్రమని తేలినా మిగతాదానికి ఎవరూ హామీ ఇవ్వలేరట. నిషేధిత పదార్థం ఏదైనా ఉంటే ఒంట్లోంచి ఎప్పటికి పోతుందన్నది, అదేమిటో తెలియకుండా చెప్పలేమంది. పోటీ రోజు పట్టుబడితే, కల్తీ అని నిరూపించి నిషేధం తగ్గించుకోవచ్చు. ఆ రోజు ఫలితం మాత్రం పోయినట్టే.

కోచ్‌కు ఇదంతా చాదస్తంగా తోచింది. ఊరంతా తాగే పొడికి ఇంత గోలేమిటన్నాడు. నోరు మూసుకుని వెళ్ళి ఎత్తి రమ్మన్నాడు.

“అందులో ఏమీ లేదని రాసిస్తారా సార్?”

“నేనెలా రాసిస్తాను?”

“మరి నా సీసా కాగితం మీద సంతకం నాదే కదా సార్. మీ ధైర్యం నా ఒంట్లో పెట్టి చూసుకుంటానంటే ఎలా?”

కోచ్ ముఖం ఎర్రబడింది. ఆడవాళ్ళకు ఇంత పొగరు పనికిరాదని గొణుగుతూ వెళ్ళిపోయాడు. ఆమెకు అందరిమీదా మండింది. మేనమామ ప్రేమమీద, కోచ్ నిర్లక్ష్యంమీద, చేతికిచ్చిన గ్లాసు చూడకుండా తాగిన తనమీద.

ఆమె ఎంపిక పోటీ నుంచి తప్పుకుంది. కారణం దాచకుండా సమాఖ్యకు రాసింది. తప్పుకున్నంత మాత్రాన పరీక్ష తప్పదని, ఏ పొద్దున్నైనా అధికారి తలుపు తట్టవచ్చని తెలిసే ఆ పని చేసింది. పొడి మానేసి గుడ్లు, పాలు, పప్పు పెంచింది. మేనమామతో మాట్లాడడం మానలేదు. ఆయన చేతినుంచి మంచినీళ్ళు తప్ప మిగతావన్నీ తీసుకోవడం మానేసింది.