గడువు దాటిన సందేశం

మా ఆఫీసు అనంతపురంలో, ఒక ఎరువుల కొట్టు పైన రెండు గదులు. చుట్టుపక్కల మండలాల రైతుల ఫోన్లకు వాన కబురూ, పంట సలహాలూ పంపడం మా పని. కంప్యూటర్ ప్రోగ్రాం రాసేది నేను, సలహాలు రాసేది గార్లదిన్నె దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి. వ్యవసాయం చదువుకుంది, పొదుపుగా మాట్లాడుతుంది.

ఒకసారి పురుగుమందు మోతాదు తప్పుగా పోయింది. ఎవరికీ నష్టం జరగలేదు కానీ మేనేజర్ హడలిపోయాడు. ఇకపై తన ఆమోదం లేనిదే ఒక్క అక్షరం బయటికి పోకూడదన్నాడు. సరేనని ప్రోగ్రాం అట్లాగే రాశాను. ఆ అమ్మాయి డ్రాఫ్టు రాసి, ఎప్పుడు పంపాలో టైము పెడుతుంది. అది మేనేజర్ పేజీలో పెండింగులో కూర్చుంటుంది. ఆయన ఆమోదించాక షెడ్యూలర్ పంపిస్తుంది. షెడ్యూలర్ అయిదు నిమిషాలకోసారి లేచి రెండే విషయాలు చూస్తుంది: ఆమోదం ఉందా, పెట్టిన టైము వచ్చిందా. రెండూ ఉంటే పంపేస్తుంది.

మేనేజర్‌కు ఒక అలవాటు ఉంది. ఫోనులోనే ఆమోదించే వీలున్నా, తన కుర్చీలో కూర్చుంటే తప్ప దేని మీదా సంతకం పెట్టడు. ఊరి నుంచి తిరిగొచ్చాక ఫైళ్లన్నీ ఒక్క ఊపున కానిచ్చేస్తాడు. పేజీలోనూ అట్లాగే కావాలన్నాడు. అన్నిటినీ ఒకేసారి ఆమోదించే బటన్ పెట్టి ఇచ్చాను. పెట్టినందుకు మెచ్చుకున్నాడు కూడా, నేను పొంగిపోయాను.

టైము దాటిపోయిన డ్రాఫ్టు వెనక్కి తన దగ్గరికే రావాలని ఆ అమ్మాయి మొదట్లోనే అడిగింది. చేద్దాంలేమ్మా అన్నాను. ఆమె చేశాననుకుంది. నేను మరిచిపోయాను. ఆ ‘లే’ అన్న నా నోటిని ఇప్పటికీ క్షమించుకోలేను.

విత్తనాల అదను వచ్చింది. ఒక మంగళవారం ఆమె రాసింది: రేపు, ఎల్లుండి మంచి వాన ఉంది, వేరుశనగ విత్తుకోండి. మేనేజర్ మీటింగులకని కదిరి పోయి ఉన్నాడు. డ్రాఫ్టు పెండింగులోనే ఉండిపోయింది. బుధవారం నాలుగు తుంపర్లు పడి ఊరుకున్నాయి. గురువారానికి అంచనా మారింది, ఇక వాన లేదు. పాత డ్రాఫ్టు దానంతటదే రద్దయి ఉంటుందని ఆమె నమ్మింది.

శనివారం మధ్యాహ్నం మేనేజర్ వచ్చి, కుర్చీలో కూర్చుని, ఆ బటన్ నొక్కాడు. షెడ్యూలర్ లేచింది. ఆమోదం ఉంది. టైము ఎప్పుడో వచ్చేసింది. ‘రేపు, ఎల్లుండి మంచి వాన’ అని ఊరూరికీ పంపేసింది. ఆ పూట ఆమె రాప్తాడు పల్లెల్లో తిరుగుతోంది, నేను సెలవులో ఉన్నాను.

సోమవారం ఉదయం ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆదివారం వాళ్ల నాయన చేనంతా విత్తేశాడట. నేలలో అరపదునే ఉందని, విత్తుకు ఆ తేమ చాలదని ఆయనకు తెలుసు. ఇంట్లో వద్దన్నారు కూడా.

“నా కూతురు రాసింది కదప్పా, తప్పెట్లయితాది అన్నాడంట అన్నా,” అంది.

వాన రాలేదు. ఆ కాస్త తేమకు ఉబ్బిన గింజ మొలక కూడా చూపించకుండా మట్టిలోనే చచ్చింది. కొన్నాళ్లకు ఆ చేను చూడడానికి పోయాను. వాళ్ల నాయన రెండు గింజలు తవ్వి తీసి అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. మళ్లీ విత్తడానికి ఇంట్లో విత్తనం లేదు, అదనూ లేదు. ఆ ఒక్క చేనే కాదని నాకు తెలుసు, మిగతావి చూసే ధైర్యం లేకపోయింది.

ఆ సోమవారమే కోడ్ సరిచేశాను. టైము దాటి ఒక రోజు గడిస్తే డ్రాఫ్టు ఎవరు ఆమోదించినా పోదు, రాసినవాళ్ల దగ్గరికి తిరిగి వస్తుంది. పది నిమిషాల పని. ఇన్ని నెలలూ ఆ పది నిమిషాలు నాకు దొరకలేదు.

అదే రోజు సాయంత్రం ఆమె ఇంకో డ్రాఫ్టు రాసింది. శనివారం వచ్చిన సందేశం పాతది, తప్పు మాది, ఇంకా విత్తనివాళ్లు ఆగండి అని. మంగళవారం పొద్దున ఆరుకు టైము పెట్టింది. ఈసారి మేనేజర్ కుర్చీలోనే ఉన్నాడు. నన్ను పిలిచాడు.

“తప్పు మాదని మనమే రాసిస్తే రేపు మన మాట ఎవరింటారప్పా?” అన్నాడు.

ఆగమన్న మాటైనా పోనీయండి సార్ అని బతిమాలాను. చూద్దాంలే అన్నాడు. చూడలేదు. దొంగదారిన పంపడం నాకు చేతగాని పని కాదు, ఆ తాళాలు చేసింది నేనే. ఉద్యోగానికి భయపడి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

బుధవారం పొద్దున ఆరు దాటింది. ఆమె డ్రాఫ్టు ఆమెకే తిరిగి వచ్చింది, పైన ‘గడువు ముగిసింది’ అని. నా కొత్త నిబంధన ఆపిన మొట్టమొదటి సందేశం అదే.

ఆమె స్క్రీను నా వైపు తిప్పింది.

“ఇప్పుడు బాగా పంజేస్తాండాదన్నా,” అంది.