డెడ్‌లిఫ్ట్‌కు నేను రాసిన మూడు స్క్రిప్టులు

మాదాపూర్‌లో వ్యాయామ వీడియోలు తీసే ఒక చిన్న కంపెనీలో నేను స్క్రిప్టులు రాసేదాన్ని. ఆ వారం, బరువులు పట్టుకుని వంగి లేచే డెడ్‌లిఫ్ట్ వ్యాయామం మీద నలభై సెకన్ల షార్ట్ వీడియోకు రాయాలి. చేసి చూపించేది బోరబండ నుంచి వచ్చే ట్రైనర్. రెండు రోజులు ఆమె పక్కనే నిలబడి, నేనూ డంబెల్స్ పట్టుకుని చేస్తూ ఒక్కో మాటా రాశాను. మోకాళ్లు కాస్త వదులుగా ఉంచాలి. చేతుల్లో సంచులున్నప్పుడు ఫ్రిజ్ తలుపును వెనక్కి నెట్టి మూసినట్టు పిరుదులు వెనక్కి పోవాలి. వీపు గుండ్రంగా వంగకూడదు. డంబెల్స్ కాళ్లను ఆనుకునే దిగాలి. తొడల వెనక లాగినట్టు అనిపించగానే ఆగి, పాదాలతో నేలను నొక్కుతూ లేవాలి.

మేనేజర్ చదివి సగానికి పైగా కొట్టేశాడు.

"జనం మూడు సెకన్లు కూడా ఆగరండి. 'వారంలో పొట్ట మాయం' అని మొదలుపెట్టండి. ఈ సూచనలన్నీ కింద డిస్క్రిప్షన్‌లో వేసేద్దాం."

"దీంతో వారంలో పొట్ట పోదండి."

"పోతుందని మనమేమైనా గ్యారంటీ ఇస్తున్నామా?"

ఒళ్లు మండింది. అంతకుముందు ఏడాది అలాంటి వీడియోనే చూసి బరువెత్తి, నెల రోజులు నడుము వంచలేకపోయాను. అయినా ఆయన చెప్పినట్టే మార్చి రాసిచ్చాను.

షూటింగ్ రోజు ట్రైనర్ కాగితం చదివి, డంబెల్స్ కింద పెట్టేసింది.

"ఏంది మేడమ్ ఇది? మొన్న మనం రాసింది ఏది?"

"టైమ్ లేదమ్మా, కానివ్వండి" అన్నాడు మేనేజర్.

"ఇది చూసి ఎవరన్న వీపు వంచి లేపితే నడుం పోతది సార్. దవాఖానకు మీరు తోల్కపోతరా? నేనైతే చెప్ప." తర్వాత నావైపు తిరిగింది. "మీ నడుం పట్టేసినంక మళ్ల వంగుడు నేర్పింది నేనే గదా. మీరెట్ల రాసిన్రు?"

మేనేజర్ మీద ఉన్న కోపమంతా నా మీదికే మళ్లింది. అక్కడే నేల మీద కూర్చుని మళ్లీ రాశాను. ముందు ఆమె వీపు వంచి, ఉత్త చేతులతో తప్పు చేసి చూపిస్తుంది. "ఇలా వంగుతున్నారా? ఆగండి." ఆ తర్వాత ఉపోద్ఘాతం లేదు. ఒంట్లో ఏ భాగం కదిలితే ఆ క్షణానికి దాని మాట. ఆమె ఒకసారి చేసి చూపించింది. ఫోన్‌లో టైమ్ చూస్తే ముప్పై ఎనిమిది సెకన్లు వచ్చింది.

"వ్యూస్ రాకపోతే బాధ్యత మీదేనండి" అన్నాడు మేనేజర్.

"నాదే. పొట్ట మాట మాత్రం ఎక్కడా పెట్టకండి."

ఆ వీడియోనే అప్‌లోడ్ అయింది. వ్యూస్ ఓ మోస్తరుగా వచ్చాయి. ట్రైనర్ మాత్రం చాలా రోజులు పని గురించి తప్ప నాతో మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టలేను. ఆ పొట్ట మాట ఉన్న కాగితం నా చేతిరాతే.