కవరు మీద రాసిన పేరు

మొన్న మాఘమాసంలో రెండో ఆదివారం, ఉదయం పదకొండుంపావు. కంకిపాడులో పెళ్ళికొడుకు పెద్దమ్మ ఇంటి వరండాలో శుభలేఖ కవరు మీద ఆవిడ పేరు రాయబోయాను. పేరు గుర్తు రాలేదు.

పెళ్ళి నా మనవరాలిది. ఆ అబ్బాయిని పెంచింది ఈ పెద్దమ్మే. ఈవిడ మనసు విరిగితే మా పిల్ల ఆ ఇంట్లో ఎలా నెగ్గుకొస్తుందోనని నా భయం. అందుకే పిలుపులు ఇక్కడే మొదలుపెట్టాం. మా వైపు కవరు మీద పేరు ముందుగా రాసుకుని వెళ్ళం. వాళ్ళ ఎదుటే రాసి, బొట్టు పెట్టి ఇస్తాం.

నలభై ఏళ్ళు బెజవాడలో చేపలమ్మాను. అప్పట్లో అక్షరమ్ముక్క రాదు. ఎవరైనా పేరు చెబితే అక్కడికక్కడే ఆ పేరుతో రెండుసార్లు పిలిచి, ముఖంలో ఏదో ఒక గుర్తుకూ, వాళ్ళు కొనే చేపకూ ముడేసుకునేదాన్ని. ఏడాది తర్వాత వచ్చినా పేరు పెట్టి పిలిచేదాన్ని. అరవై దాటాక కోడలు అక్షరాలు నేర్పింది. దాంతో పొగరెక్కింది నాకు. నిశ్చితార్థంలో తలొంచుకుని మగపెళ్ళివాళ్ళ పేర్లన్నీ పుస్తకంలో రాసుకున్నాను. ఒక్కరినీ పేరుతో పిలవలేదు, ముఖాలు సరిగా చూడలేదు. ఇప్పుడు పుస్తకం తెరిస్తే ఆడవాళ్ళ పేర్లు ఆరున్నాయి. ఈవిడది ఏదో తెలియదు. నాతో వచ్చిన కోడలి వైపు చూశాను. తనకీ తెలియదని కళ్ళతోనే చెప్పింది.

"ఇంటిపేరుతో సహా చెప్పమ్మా, రాస్తాను," అన్నాను, తెలివైనదాన్ననుకుని.

"పెళ్ళికొడుకుదే మా ఇంటిపేరూనండీ పిన్నిగారూ. అప్పుడే మర్చిపోయారా?" అని నవ్వింది.

అప్పుడైనా ఒప్పుకోవాల్సింది. సిగ్గేసి, ఆ ఆరు పేర్లలో ఒకటి రాసేశాను.

ఆవిడ వంగి చూసింది. నవ్వు పోయింది.

"ఇది మా చిన్న తోడికోడలి పేరు. మాకూ వాళ్ళకీ మాటల్లేవు."

"అయ్యో, ఆవిడ కవరు చేతికొచ్చినట్టుంది."

"నా ఎదురుగానేగా రాశారు!"

"పోనీవే, పెద్దావిడ," అన్నాడు పేపరు చదువుతున్న ఆవిడ భర్త.

"మీరూరుకోండి. ఆరోజు నా పేరు పుస్తకంలో ఎక్కించుకుంటుంటే ఎంత మురిసిపోయానో."

ఇక దాచడానికేం లేదు. "మర్చిపోయానమ్మా. తెలియనప్పుడు అడగాల్సింది, అబద్ధమాడాను. తప్పు నాదే. నీ పేరు చెప్పు," అన్నాను. గోడకేసి చూస్తూ చెప్పింది. ఆ పేరుతోనే పిలిచి క్షమించమన్నాను. కొత్త కవరు మీద రాశాను. కోడలు కుంకుమ భరిణె తీసింది.

"తలనొప్పిగా ఉందమ్మా, అక్కడ పెట్టేయండి," అంది. నుదురు చూపించలేదు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "పెళ్ళికి మా ఆయన వస్తారులెండి," అంది.

ఆయనొక్కడే వచ్చాడు. మనవరాలు అత్తారింటికెళ్ళి మూడు నెలలైంది. ఆవిడ ఇంతవరకూ దాన్ని పలకరించలేదట. దానికి కారణం ఆ పిల్లకి నేనింకా చెప్పలేదు.

ఆరోజు అక్కడ ఉన్నది ఆవిడ, ఆవిడ భర్త, నా కోడలు, నేను. మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరు చెప్పేలోగా నేనే చెప్పాలి.