పిట్ట ముట్టని మెతుకులు

మా మామగారు పోయిన రోజు నుంచి మా బావ మీద ఒక కన్నేసి ఉంచాను. బావ అంటే మా ఆయనకు అన్న. మామగారు ఊరి శివారు డిండోలిలో మరమగ్గాలు నడిపించేవారు. పెద్దకొడుకు ఆ పని వదిలి రింగ్ రోడ్‌లో చీరల దుకాణంలో చేరినందుకు కొడుకుతో మాట్లాడటం మానేశారు. కొడుకూ ఒక మెట్టు దిగలేదు. అలాంటి మనిషి ఇప్పుడు గుండు చేయించుకుని, చాప మీద పడుకుని, ఒంటిపూట చప్పిడి కూడు తింటూ, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ లేచి దండం పెడుతున్నాడు.

"కొడుకంటే గిట్లుండాలె" అనేవారు వచ్చినవాళ్లు. బావ తల వంచుకునేవాడు. ఆ వంచడంలో ఏదో లెక్క ఉందనిపించేది నాకు.

నేను కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాను. సెలవు దొరక్క నాలుగో రోజే క్లాసుకు వెళ్లాల్సి వచ్చింది. పాఠం ప్రాచీన చైనా నీతి గురించి. రెన్ అంటే సాటి మనిషి కోసం కరిగే గుణం. అది కన్నవాళ్ల దగ్గర మొదలై బయటివాళ్ల దాకా పాకాలి. లీ అంటే ఆ గుణం తొడుక్కునే రూపం: పలకరింపు, పెద్దల ముందు మెలిగే తీరు, చావు దినాల్లో పాటించే నియమాలు. రెన్ లేని లీ ఉత్త ఆర్భాటం. లీ లేని రెన్‌కు ఎంత ఏడవాలో, ఎప్పుడు ఆపాలో తెలియదు.

ఆ నీతి చెప్పిన గురువుల్లోనే ఒక తగువుంది. మంచితనం మొలకలా లోపలే ఉంటుంది, పీకి పెంచకుండా నీళ్లు పోస్తే చాలునని ఒకరు. మనిషి వంకర కర్రలాంటివాడు, ఆవిరి పట్టి, బద్దకు కట్టి, ఏళ్ల తరబడి ఆచరిస్తేనే తిన్నబడతాడని ఇంకొకరు. ఊళ్లో ఎవరినీ నొప్పించకుండా, అందరి మెప్పూ పొందుతూ, తాను మంచివాణ్ననే నమ్మేవాణ్ని మాత్రం ఇద్దరూ మెచ్చలేదు. అలాంటివాడు సద్గుణాన్ని దొంగిలించేవాడని పాత మాట. అది చెబుతున్నంతసేపూ నా కళ్ల ముందు బావ బోడిగుండే మెదిలింది.

ఆ మధ్యాహ్నం ఇంటికి త్వరగా వచ్చాను. అత్తమ్మ లోపల పడుకుంది. ముందుగదిలో బావ ఒక్కడే ఉన్నాడు. మామగారి ఫోటో వైపు కాళ్లు చాపుకుని ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. దొరికాడనుకున్నాను.

నన్ను చూసి కాళ్లు ముడుచుకున్నాడు.

"ఎవ్వరు లేనప్పుడు గిట్లనా, బావా?" అన్నాను.

ఆయన ఫోన్ బోర్లించాడు. "నాకు ఏడుపొస్తలేదమ్మా. బాపు పోయిండంటే నమ్మకం కూడ అయితలేదు. చెప్పినయన్ని చేస్తుంటే ఏమన్న వస్తదేమోనని చేస్తున్న."

 పాఠంలో చెప్పిన ఆ సద్గుణాల దొంగ తన లోటు ఒప్పుకోడు, ఈయన ఒప్పుకున్నాడు. అయినా, పట్టుబడ్డాక ఒప్పుకోవడం ఎంతసేపు?

పదో రోజు తాపీ నది ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తట్లో అన్నం, మామగారికిష్టమైన పచ్చిపులుసు, బూరెలు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. కాకులు గట్టు మీద వాలాయి కాని దగ్గరికి రాలేదు. ఎండ ముదిరింది. అత్తమ్మకు షుగర్. చేతులు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట. నేను సంచీలో బిస్కెట్ల కోసం వెతుకుతుంటే కులపెద్ద అడ్డుకున్నాడు.

"జర ఆగు బిడ్డా. పెద్దాయనకు ఏందో కోరిక మిగిలింది. పిట్ట ముట్టనీ."

నేను బావ వైపు చూశాను. ఇన్నాళ్లూ ఒక్క నియమం తప్పనివాడు. ఇంతమంది ముందు తప్పడని నాకు గట్టి నమ్మకం.

ఆయన లేచి, విస్తట్లోంచి బూరె తీసి, విరిచి తల్లి నోట్లో పెట్టాడు.

"ఏం పనిరా ఇది?" అన్నాడు కులపెద్ద. "ఎంగిలైంది."

"అవును, ఎంగిలైంది. మల్ల వండిస్త, మల్ల పెడత," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. అత్తమ్మ చెమట ఆరేదాకా పక్కనే కూర్చుని ముక్కముక్కగా తినిపించాడు.

ముగ్గురు నలుగురు లేచి వెళ్లిపోయారు. బావ నవాగామ్‌లో ఉన్న మేనత్త ఇంట్లో మళ్లీ వండించి, తెప్పించి, స్నానం చేసి, మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఈసారి పచ్చిపులుసు తన చేత్తోనే వడ్డించాడు. కాకి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

లీని తెలిసి పాటించేవాడికే దాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో తెలుస్తుందని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. ఆ మాట మా ఇంటి మనిషి మీద వాడటానికి మాత్రం మనసు వెంటనే ఒప్పుకోలేదు. తల్లి మీద ప్రేమ నిజమే, తండ్రి మీద సంగతి ఇంకా తేలలేదు కదా అనుకుంటూ ఉండిపోయాను.

కులపెద్ద ఇప్పటికీ బావను పెళ్లిళ్లకు పిలవడు. బావ మాత్రం ఆయన ఎదురైతే ముందుగా తానే దండం పెడతాడు. ప్రతి అమావాస్యకూ వచ్చి తండ్రి ఫోటో తుడుస్తాడు. మొన్న తుడుస్తూ తుడుస్తూ ఆగి, "బాపుకు ఎడమ కన్ను జర చిన్నగ ఉండె గదా, నాకు యాదిలేకుండె" అని, గుడ్డ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.